మింగితే ఛాతీలో నొప్పి.. గుండెదా, అన్నవాహికదా?
పుండు, కండరాల బిగింపు, సన్నబడటం.. మూడింటికీ లక్షణాలు వేరు
రాత్రి మాత్ర వేసుకుని వెంటనే పడుకోవడమూ కారణమే

అనకాపల్లి: ముద్ద మింగిన మరుక్షణం రొమ్మెముక వెనుక కత్తితో కోసినట్లు నొప్పి పుడుతుంది. మంచినీళ్లు తాగినా మంటే. కొందరికి లాలాజలం మింగడమూ కష్టమవుతుంది. ఇటువంటి నొప్పి రాగానే ఎక్కువ మంది గుండెపోటుగా భావించి భయపడతారు. మరికొందరు గ్యాస్ అని తమకు తామే నిర్ధారించుకుని మందుల దుకాణంలో మాత్ర కొనుక్కుంటారు. ఈ రెండింటి నడుమ అసలు కారణం మరుగున పడిపోతుంది. గొంతు నుంచి జీర్ణాశయం వరకూ సుమారు 25 సెంటీమీటర్ల పొడవున సాగే అన్నవాహికలో పుండు పడినా, దాని కండరాలు బిగుసుకున్నా, గొట్టం సన్నబడినా ఇదే చోట బాధ కలుగుతుంది. మూడింటికీ చికిత్స వేర్వేరు. రోగి చెప్పే వివరాలను సక్రమంగా వింటే పరీక్షలకు ముందే కారణంపై చాలావరకు స్పష్టత వస్తుంది.

ముందు గుండె సంగతి తేల్చాలి

గుండె, అన్నవాహిక ఛాతీలో పక్కపక్కనే ఉంటాయి. రెండింటి నుంచి నొప్పిని మోసుకెళ్లే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే స్థాయికి చేరతాయి. అందుకే నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు కచ్చితంగా పోల్చుకోలేదు. మింగినప్పుడు మాత్రమే వచ్చి, మింగడం ఆపితే తగ్గే నొప్పి సాధారణంగా అన్నవాహికదే. నడిచినా, మెట్లెక్కినా పెరిగి, విశ్రాంతితో తగ్గే నొప్పి గుండెదై ఉండే అవకాశం ఎక్కువ. అయినా ఈ ఒక్క తేడాను నమ్ముకుని ఇంట్లో ఉండిపోవడం ప్రమాదకరం. మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినవారికి, ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు, పొగ అలవాటు ఉన్నవారికి ఇసీజీ తీయించిన తరువాతే మిగతా ఆలోచన చేయాలి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టుకుంటే నొప్పి తగ్గింది కనుక అది గుండె జబ్బేనని పలువురు అనుకుంటారు. ఆ మాత్ర గుండె రక్తనాళాలతో పాటు అన్నవాహిక కండరాలనూ సడలిస్తుంది. కాబట్టి దానితో నొప్పి తగ్గినంత మాత్రాన ఏదీ రుజువు కాదు.

ఒక కళాసీ ఉదంతం చూస్తే..

వైద్యులు కారణాన్ని ఎలా వేరుచేస్తారో అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోసే 34 ఏళ్ల కళాసీకి జ్వరం వచ్చింది. వైద్యుడు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఉదయం, రాత్రి వేసుకోవాలని రాసిచ్చారు. స్క్రబ్ టైఫస్ వంటి జ్వరాల్లో ముందుగా వాడే మందు ఇదే. పగలంతా శ్రమించిన ఆయన రాత్రి ఒక్క గుక్క నీటితో క్యాప్సూల్ మింగి వెంటనే మంచమెక్కారు. మూడో రోజు తెల్లవారుజామున ఛాతీ నడుమ నొప్పితో మెలకువ వచ్చింది. ఉదయం ఇడ్లీ తింటే నొప్పి, వేడి టీ తాగితే మరింత నొప్పి. ముద్ద మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఇసీజీ మామూలుగా ఉంది. వైద్యుడు అడిగినవి మూడే ప్రశ్నలు. ఎప్పటి నుంచి? ఘనపదార్థానికా, ద్రవానికా? ఈ వారంలో ఏ మందులు వేసుకున్నారు? నొప్పి హఠాత్తుగా, రెండు మూడు రోజుల కిందట మొదలైంది. మింగిన ప్రతిసారీ ఒకే చోట గుచ్చుతోంది. అంతకుముందు మింగడంలో ఏ ఇబ్బందీ లేదు. క్యాప్సూల్ వేసుకుని పడుకున్న అలవాటు బయటపడింది. ఈ నాలుగూ కలిస్తే మాత్ర వల్ల పడిన పుండేనని గట్టిగా అనుమానించవచ్చు.

క్యాప్సూల్ పైతొడుగు జిగురుగా ఉంటుంది. బృహద్ధమని వంపు అన్నవాహికను నొక్కే చోట గొట్టం కొంత ఇరుకు. మాత్రలు ఎక్కువగా అక్కడే అతుక్కుంటాయి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, మింగడమూ తగ్గుతుంది. పడుకోవడం వల్ల బరువుతో కిందికి జారే వీలూ ఉండదు. డాక్సీసైక్లిన్ కరిగితే గాఢమైన ఆమ్లంగా మారి, అతుక్కున్న చోటే పొరను కాల్చేస్తుంది. ఎండోస్కోపీ చేస్తే పళ్ల నుంచి సుమారు 24 సెంటీమీటర్ల లోతున ఎదురెదురుగా రెండు చిన్న పుండ్లు, వాటి చుట్టూ ఆరోగ్యకరమైన పొర కనిపించాయి. ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల పుండు పడితే అది సాధారణంగా జీర్ణాశయానికి దగ్గరగా, అడుగుభాగంలో ఉంటుంది. పుండు ఉన్న చోటే కారణాన్ని చెబుతుందన్న మాట.

క్యాప్సూల్ ఆపి, జ్వరానికి వేరే మందు ఇచ్చారు. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర, పుండుపై పూతలా పరుచుకునే సుక్రాల్ఫేట్ ద్రవం వాడారు. కొన్నాళ్లు చల్లారిన జావ, మెత్తని అన్నం తినమన్నారు. ఇటువంటి పుండ్లు సాధారణంగా కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో మానిపోతాయి. నొప్పి వచ్చిందని రోగి తనంతట తానే జ్వరం మందు మానేయడం మాత్రం తగదు. స్క్రబ్ టైఫస్‌కు చికిత్స ఆగితే ప్రాణాపాయం. మందు మార్చాల్సింది వైద్యుడే.

డాక్సీసైక్లిన్ ఒక్కటే కాదు. ఐరన్, పొటాషియం మాత్రలు, ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, ఎముకల బలానికి వాడే అలెండ్రోనేట్ కూడా ఇలాగే పుండు చేయగలవు. మధుమేహులకు, ఆస్తమా పంపు వాడేవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి బూజు జాతి ఇన్ఫెక్షన్ వల్లా మింగితే నొప్పి వస్తుంది. నోటిలో తెల్లని పొర ఉందేమో చూడటం అందుకే.

వచ్చిపోయే నొప్పి అయితే..

అదే కళాసీ, నెలల తరబడి నొప్పి అప్పుడప్పుడు వచ్చి పోతోందని, అన్నానికీ నీళ్లకూ ఒకేలా బాధ కలుగుతోందని, ఐస్ నీళ్లు తాగితే ఛాతీ బిగిసిపోతోందని చెప్పి ఉంటే ఆలోచన మరోలా సాగేది. అన్నవాహిక కండరాలు పైనుంచి కిందికి వరుసగా ముడుచుకుంటూ ముద్దను తోస్తాయి. ఆ వరుస తప్పి ఒకేసారి బిగుసుకుంటే నొప్పి పుడుతుంది, ముద్దా ఆగుతుంది. ఏమీ మింగకుండానే నొప్పి రావచ్చు. గుండెనొప్పితో ఎక్కువగా పొరబడేది దీనితోనే. నిజానికి ఇది అరుదైన సమస్య.

ఈ రోగుల్లో ఎండోస్కోపీ మామూలుగానే ఉంటుంది. దానితో జబ్బు లేదని తేలినట్లు కాదు. ముక్కు ద్వారా సన్నని గొట్టం వేసి, కొద్ది కొద్దిగా నీళ్లు మింగిస్తూ కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్ష అవసరం. ముడుచుకునే అల అడుగుభాగానికి చేరడానికి 4.5 సెకన్లయినా పట్టాలి. పది గుక్కల్లో రెండు, అంతకు మించి అంతకంటే ముందే చేరితే, రోగికి లక్షణాలూ ఉంటే కండరాల బిగింపుగా నిర్ధారిస్తారు. ఈ సదుపాయం పెద్ద కేంద్రాల్లోనే ఉంటుంది. నల్లమందు జాతి నొప్పి మందులు దీర్ఘకాలం వాడేవారిలోనూ ఇదే తీరు కనిపిస్తుంది కనుక ముందు వాటి వివరం అడగాలి. కండరాలను సడలించే మందులతో కొందరికి ఉపశమనం కలుగుతుంది, అందరికీ కాదు.

ముద్ద ఆగుతుంటే..

మూడోది సన్నబడటం. ఇందులో నొప్పి కంటే ముద్ద ఆగడమే ప్రధానం. మొదట చపాతీ, మాంసం ముక్క ఆగుతాయి. తరువాత అన్నం, చివరకు జావ. ఈ క్రమం నెలల తరబడి సాగుతుంది. గొట్టం మామూలుగా 20 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. అది 13 మిల్లీమీటర్ల కంటే తగ్గితే గట్టి ఆహారం తరచూ ఆగుతుంది. ఏళ్ల తరబడి గుండెల్లో మంట ఉన్నవారికి ఆమ్లం వల్ల పడిన పుండ్లు మానుతూ మచ్చ కట్టడం ఒక కారణం. పొరపాటునో, ఆత్మహత్యాయత్నంలోనో మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తాగినవారిలో కొన్ని వారాల తరువాత గొట్టం ముడుచుకుపోవడం మరొకటి. యాసిడ్ తాగినవారిని వాంతి చేయించకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు కాల్చిన యాసిడ్, పైకి వచ్చేటప్పుడు మరోసారి కాలుస్తుంది.

సన్నబడిన చోటు నుంచి ముక్క తీసి పరీక్షించాకే అది మచ్చా, క్యాన్సరా అన్నది తేలుతుంది. మచ్చ అయితే ఎండోస్కోపీ ద్వారా గొట్టాలతో గానీ బెలూన్‌తో గానీ వెడల్పు చేస్తారు. ఒకే రోజు పూర్తిగా విప్పితే చిరిగే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా ఒక విడతలో సుమారు 3 మిల్లీమీటర్లకు మించి పెంచరు. విడతల వారీగా చేస్తూ 15 మిల్లీమీటర్ల వరకు తీసుకువస్తే మామూలు భోజనం సాధ్యమవుతుంది. వెడల్పు చేసిన తరువాత ఛాతీ నొప్పి ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఆ రోజే తిరిగి ఆస్పత్రికి వెళ్లాలి.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

చెమటలు, ఆయాసంతో ఛాతీ నొప్పి వస్తే 108కు ఫోన్ చేయాలి. రక్తపు వాంతి, నల్లని విరేచనం, తీవ్రమైన వాంతుల వెంటనే ఛాతీలో భరించలేని నొప్పి, మెడ ఉబ్బడం, లాలాజలం కూడా దిగకపోవడం అత్యవసర లక్షణాలు. చేప ముల్లు గుచ్చుకుంటే అన్నపు ముద్ద మింగించడం తగదు. ముల్లు మరింత లోతుకు దిగుతుంది. ముద్ద ఆగడంతో పాటు బరువు తగ్గుతున్నవారు, 50 ఏళ్లు దాటాక కొత్తగా ఈ బాధ మొదలైనవారు వారాల తరబడి గ్యాస్ మాత్రలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని విశాఖ కేజీహెచ్‌లో జీర్ణకోశ వ్యాధుల విభాగం ఉంది.

వైద్యుడి వద్దకు వెళ్లేటప్పుడు గడిచిన రెండు వారాల్లో వేసుకున్న మందుల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లాలి. ఇకపై ఏ మాత్రయినా కూర్చుని గానీ నిలబడి గానీ గ్లాసు నిండా నీటితో మింగాలి. తరువాత కనీసం అరగంట నడుం వాల్చకూడదు. రాత్రి వేయాల్సిన మాత్రను పడుకునే వేళకు కాక భోజనం వేళకు మార్చుకోవచ్చేమో వైద్యుడిని అడగాలి. కళాసీకి పుండు మానాక వైద్యుడు చెప్పినది ఇదే.