ఒకటే బాండు, మూడు లెక్కలు

మూడు కంపెనీలు ఒకే రోజున ఒకే ప్రభుత్వ బాండును తలా కోటి రూపాయలు పెట్టి కొన్నాయనుకుందాం. గడువు ఐదేళ్లు, వడ్డీ ఏటా 7 శాతం. ఏడాది తిరిగేసరికి మార్కెట్లో వడ్డీ రేటు 8 శాతానికి పెరిగింది. మూడు కంపెనీలకూ చేతికందిన వడ్డీ 7 లక్షలే. కానీ ఏడాది చివర వాటి లెక్కలు చూస్తే, మొదటిది ఆ బాండు మీద 7 లక్షల లాభం చూపింది. రెండోది 3.69 లక్షలే చూపింది. మూడోది 7 లక్షల లాభం చూపుతూనే, కోటి రూపాయల బాండును 96.69 లక్షలకు తగ్గించి రాసుకుంది. ఎవరూ దొంగలెక్క రాయలేదు. మూడింటి మీదా ఆడిటరు నిశ్చింతగా సంతకం పెడతాడు.

ముందు ఆ 96.69 లక్షల సంగతి. కొత్త బాండు కొంటే 8 శాతం వస్తున్నప్పుడు, 7 శాతమే ఇచ్చే పాతదాన్ని కోటికి ఎవరు కొంటారు? మిగిలిన నాలుగేళ్లలో ఏటా లక్ష చొప్పున వడ్డీ తక్కువ వస్తుంది. తర్వాతెప్పుడో తగ్గే ఆ నాలుగు లక్షలను 8 శాతం రేటుతో ఈనాటి విలువకు కుదిస్తే 3.31 లక్షలు. బాండు ధర అంతే పడిపోతుంది. కట్టాల్సింది ప్రభుత్వమే కాబట్టి డబ్బు ఎగ్గొడుతుందన్న భయం లేదు. అయినా ఇవాళ అమ్మితే ఆ నష్టం ఖాయం. అమ్మకుండా నాలుగేళ్లు ఓపిక పడితే అసలు కోటి అలాగే తిరిగొస్తుంది.

మరి అమ్మని బాండు మీద రాని నష్టాన్ని ఈ ఏడాదే చూపాలా? మన దేశంలో పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 109, దానికి మూలమైన అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 9 దీనికి ఎదురుప్రశ్న వేస్తాయి: అసలు ఆ బాండును ఎందుకు పెట్టుకున్నారు?

గడువు దాకా ఉంచుకుని వడ్డీ, అసలు వసూలు చేసుకోవడమే పనైతే అది అమోర్టైజ్డ్ కాస్ట్ కింద ఉంటుంది. మార్కెట్ ధర ఎటు ఊగినా పుస్తకంలో కోటే. మొదటి కంపెనీ చేసింది ఇదే. ధర చూసి కొని, ధర చూసి అమ్మే వ్యాపారమైతే ఊగిసలాటంతా నేరుగా లాభనష్టాల ఖాతాలోకి వస్తుంది. రెండో కంపెనీ 7 లక్షల్లోంచి 3.31 లక్షలు తీసేసింది అందుకే. మూడో కంపెనీ వడ్డీ తీసుకుంటూనే, డబ్బు అవసరమైతే అమ్మడానికీ సిద్ధంగా ఉంటుంది. దాని వడ్డీ లాభంలోకి వెళ్తుంది. ధర తేడా మాత్రం ‘ఇతర సమగ్ర ఆదాయం’ అనే వేరే వరుసలో, ఆడిటర్ల నోట్లో నలిగే ఓసీఐలో చేరుతుంది. బాండును అమ్మిన రోజున అక్కడ పోగుపడిన తేడా కదిలి లాభనష్టాల ఖాతాలోకి వస్తుంది. అమ్మకుండా గడువు దాకా ఉంచితే ధర మెల్లగా కోటికి చేరుకుంటుంది, ఓసీఐలోని నష్టం దానంతటదే కరిగిపోతుంది. ఐదేళ్లూ ఉంచుకుంటే ముగ్గురి మొత్తం లాభం 35 లక్షలే. తేడా అంతా అది ఏ ఏడాది, ఏ వరుసలో కనిపిస్తుందన్న దాంట్లోనే.

అలాగని యాజమాన్యం ఇష్టం వచ్చిన గడిలో పెట్టేసుకోవడానికి లేదు. ఒక్కో బాండునూ విడిగా కాక, ఆ గుంపు మొత్తాన్నీ కంపెనీ నిజంగా ఎలా నడుపుతోందో చూస్తారు. ఉంచుకుంటామని కాగితం మీద రాసి, ప్రతి మూడు నెలలకూ అమ్ముతుంటే ఆ మాట నిలవదు. ధర పడ్డాక గడి మార్చడమూ కుదరదు. వ్యాపారం నడిపే తీరే మారినప్పుడు మాత్రమే, అదీ ముందుకాలానికే, మార్పు వర్తిస్తుంది.

ఇంకో అడ్డుగోడ కూడా ఉంది. ఆ పత్రం ఇచ్చేది అసలు, దాని మీద వడ్డీ మాత్రమే అయ్యుండాలి. షేర్లుగా మార్చుకునే హక్కున్న డిబెంచరు కొన్నవాడికి ఇక్కడే చుక్కెదురవుతుంది. రాబడిలో షేరు ధర కలిసింది కాబట్టి ఎన్నేళ్లు దాచుకున్నా సరే, ధర తేడా లాభనష్టాల ఖాతాలోకి పోవాల్సిందే. లిక్విడ్ మ్యూచువల్ ఫండ్ యూనిట్లదీ అదే గతి. లోపల ఉన్నవి అప్పు పత్రాలే అయినా, ఫండు యూనిటుదారుడికి ఇచ్చేది ఆ రోజు ఎన్ఏవీనే, అసలూ వడ్డీ కాదు.

చిక్కంతా మొదటి గడితోనే. అక్కడ ధర పతనం లాభంలో కనపడదు, నికర విలువలోనూ కనపడదు. ఉంచుకుంటామన్న మాట నిలబెట్టుకునే స్తోమత ఉన్నంత కాలమే ఆ లెక్కకు అర్థం.

అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఆ స్తోమత లేకుండా దొరికిపోయింది. అక్కడి ప్రమాణాలు వేరైనా గడులు దాదాపు ఇవే. 2022 చివరికి ఆ బ్యాంకు ‘గడువు దాకా ఉంచుకునేవి’ అంటూ సుమారు 91 బిలియన్ డాలర్ల బాండ్లు పెట్టుకుంది. మార్కెట్లో వాటి విలువ సుమారు 76 బిలియన్లే. ఆ 15 బిలియన్ల తేడా ముందు బ్యాంకు నికర విలువ 16 బిలియన్లు. అంటే ఆ బాండ్లను అమ్మితే బ్యాంకు సొంత సొమ్ము దాదాపు ఊడ్చుకుపోతుంది. ఇది రహస్యమేమీ కాదు, వార్షిక నివేదికలోనే ఉంది.

డిపాజిటర్లు సొమ్ము వెనక్కి తీసుకోవడం మొదలయ్యాక, 2023 మార్చి 8న బ్యాంకు మూడో రకం గడిలోని, అంటే అమ్మకానికి సిద్ధంగా ఉన్న 21 బిలియన్ల బాండ్లను అమ్మేసి, 1.8 బిలియన్ల నష్టం ప్రకటించింది. చిత్రమేమిటంటే ఆ నష్టం అప్పటిదాకా నికర విలువలో తగ్గించి చూపినదే. అమ్మకంతో అది లాభనష్టాల్లోకి, బ్యాంకు మూలధన లెక్కలోకి వచ్చి పడింది. మర్నాడు ఒక్కరోజే 42 బిలియన్ల డాలర్లు తీసుకోవడానికి జనం ఎగబడ్డారు. మార్చి 10న బ్యాంకు మూతపడింది.

మన బ్యాంకులకు ఇండ్ ఏఎస్ ఇంకా వర్తించదు. 2019లో రిజర్వు బ్యాంకు దాన్ని వాయిదా వేసింది. అయితే 2024 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల పెట్టుబడులకు ఇదే మూడు గడుల పద్ధతి తెచ్చింది. గడువు దాకా ఉంచుకునే గడిలో ఎంతైనా పెట్టుకోవచ్చు. కానీ ఏడాది మొదట్లో అందులో ఉన్న విలువలో 5 శాతం మించి అమ్మాలంటే రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి. ఉంచుకుంటానన్నది ఉంచుకోవాల్సిందేనన్న మాట.

షేర్ల దగ్గర మాత్రం ఈ ప్రమాణం ఒక వింత వెసులుబాటు ఇచ్చింది. ట్రేడింగు కోసం కాక దీర్ఘకాలానికి కొన్న షేర్లను కొన్న రోజునే ఓసీఐ గడిలో వేస్తామని కంపెనీ ఎంచుకోవచ్చు. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకునే వీల్లేదు. బాండులా కాక, ఆ లాభం అమ్మిన రోజున కూడా లాభనష్టాల ఖాతాలోకి రాదు. 10 లక్షలకు కొన్న షేర్లను కొన్నేళ్ల తర్వాత 50 లక్షలకు అమ్మినా ఆ ఏడాది లాభంలో ఆ 40 లక్షల జాడ ఉండదు, డివిడెండు తప్ప. నికర విలువలోనే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు అది మారుతుందంతే. అమ్మిన డబ్బు బ్యాంకులో పడింది కదా, లాభం ఏదని అడిగే వాటాదారుడు నికర లాభం దగ్గరే ఆగకుండా, దాని కింద ఇతర సమగ్ర ఆదాయం వరుస దాకా చదవాలి.