ఏడు స్లైడ్లలో ఒక ఉద్యోగం

ఇన్‌స్టాగ్రామ్ 2017లో ఒకే పోస్టులో పది ఫొటోలు పెట్టుకునే వీలు కల్పించింది. 2024లో ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. లింక్డిన్‌లో పీడీఎఫ్ ఎక్కించినా పేజీలు అలాగే ఒక్కొక్కటిగా కదులుతాయి. వేలితో పక్కకు జరుపుతూ చూసే ఈ బొమ్మల వరసనే కరౌసెల్ అంటున్నారు. ప్రకటనలకు పెద్దగా డబ్బు పెట్టలేని చిన్న స్టార్టప్‌లు ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకోవడానికి కూడా దీన్నే వాడుతున్నాయి.

వీటిలో చాలావాటి తీరు ఒక్కటే. మొదటి స్లైడ్‌లో ఎగిరే రాకెట్, తర్వాత ‘మాతో కలిసి ఎదగండి’, ఆపైన నవ్వుతున్న టీమ్ ఫొటో, చివర్లో ‘ఆసక్తి ఉంటే మెసేజ్ చేయండి’. పని ఏమిటో, ఏ ఊళ్లోనో, జీతం ఎంతో ఎక్కడా కనిపించదు. అందుకే ఇన్‌బాక్స్ అంతా ‘ఇంట్రెస్టెడ్ సర్’ అనే మెసేజ్‌లతో నిండిపోతుంది. ప్రకటనలో చెప్పాల్సిన విషయాలన్నీ యజమాని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకోవాల్సి వస్తుంది. మంచి కరౌసెల్ చదివిన మనిషి ‘ఇది నాకు సరిపడదు’ అని మూడో స్లైడ్ దగ్గరే ఆగిపోవచ్చు. అది ప్రకటనకు నష్టం కాదు, దాని అసలు పని అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఆరుగురు పనిచేసే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. షాపులవాళ్లు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి సమస్య తీర్చే ఒక మనిషి కావాలి.

మొదటి స్లైడ్‌లో రాకెట్ అక్కర్లేదు. ‘కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం, ఒక్కరు కావాలి. కూకట్‌పల్లి ఆఫీసు. చేతికి నెలకు 22,000 నుంచి 28,000 రూపాయలు’ అంటే చాలు. జీతం చెబితే పోటీ సంస్థలకు తెలిసిపోతుందని కొందరు జంకుతారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2021 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం రాయడాన్ని చట్టంతోనే తప్పనిసరి చేసింది. న్యూయార్క్ నగరం 2022లో, కాలిఫోర్నియా 2023లో అదే బాట పట్టాయి. బఫర్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ అంతకు చాలా ముందే, 2013లోనే, తన ఉద్యోగులందరి జీతాలనూ బయటపెట్టింది. జీతం రాసేటప్పుడు సీటీసీ అంకె ఒక్కటే వేస్తే మాత్రం చదివేవారికి చేతికి ఎంత వస్తుందో తెలియదు. సంస్థలో వాటా ఇస్తామంటే, అది ఎప్పటికి చేతికొస్తుందో కూడా చెప్పాలి. మన దేశంలో కంపెనీల నిబంధనల ప్రకారం ఈసాప్ ఇచ్చాక కనీసం ఏడాది గడిస్తేనే ఆ హక్కు దక్కడం మొదలవుతుంది.

రెండో స్లైడ్‌లో పని చెప్పాలి. ‘కస్టమర్ సంతృప్తికి బాధ్యత వహించాలి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘పొద్దున పది నుంచి ఫోన్లు ఎత్తాలి. మధ్యాహ్నం తర్వాత, తెగని సమస్యలను రాసి ప్రోగ్రామర్లకు ఇవ్వాలి. వారంలో ఒకరోజు షాపులకు వెళ్లాలి, పెట్రోలు ఖర్చు మాది’ అంటే చదివేవారికి తమ రోజు కళ్లకు కడుతుంది. మూడో స్లైడ్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి వేరుగా, చేరాక నేర్పేవి వేరుగా రాయాలి. ఇక్కడ తప్పనిసరి రెండే: తెలుగు బాగా మాట్లాడాలి, కంప్యూటర్‌లో టైప్ చేయడం రావాలి. జీఎస్టీ, సాఫ్ట్‌వేర్ సంగతులు చేరాక నేర్పుతారు. ఈ రెండూ కలిపేసి పన్నెండు అర్హతల జాబితా వేస్తే, పనికొచ్చే మనుషులే భయపడి వెనక్కి తగ్గుతారు.

నాలుగో స్లైడ్ టీమ్ గురించి. అన్నిటికంటే కష్టమైనది ఇదే. ‘మేమంతా ఒక కుటుంబం’ అని రాయడం సులువే గానీ, ఉద్యోగం వెతుక్కునేవారికి అందులో దొరికే సమాచారం ఏమీ లేదు. పైగా పనివేళలకు హద్దు లేదేమోనన్న అనుమానం కూడా వస్తుంది. సంస్కృతిని విశేషణాలతో కాక ఏర్పాట్లతో చూపాలి. ‘శనివారం సెలవు. నెలలో ఒక ఆదివారం వంతుల ప్రకారం ఫోన్ చూడాలి, బదులుగా మంగళవారం సెలవు. రాత్రి ఎనిమిది దాటాక ఆఫీసు గ్రూపులో మెసేజ్‌లు ఉండవు. మొదటి రెండు వారాలు పాత ఉద్యోగి పక్కనే కూర్చుంటారు.’ ఇవి నిజమో కాదో చేరిన నెలలోనే తేలిపోతుంది కాబట్టి, రాసేవారు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. లేనివి కూడా చెప్పడం మర్యాద. ఇరవైమంది లేని సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు. ఆరుగురి ఆఫీసులో అది లేకపోతే ‘పీఎఫ్ ఇంకా లేదు’ అని ఒక్క లైన్ రాస్తే, తర్వాత గొడవ రాదు.

ఐదు, ఆరు స్లైడ్లలో దరఖాస్తు మెట్లు. మొదటిది చిన్న ఫారం: పేరు, ఫోన్ నంబరు, రెండు ప్రశ్నలు. రెండోది పరీక్ష. ‘బిల్లు మీద మందు పేరు రెండుసార్లు పడుతోంది, ముందు కస్టమర్ నిలబడి ఉన్నాడు’ అని ఒక షాపు యజమాని పంపినట్టుగా వాయిస్ మెసేజ్ ఇస్తారు. అభ్యర్థి తిరిగి వాయిస్‌లోనే జవాబివ్వాలి. అరగంట చాలు. జవాబిచ్చిన మనిషి ముందు ఏ ప్రశ్న అడిగాడు, ఎంత నిదానంగా మాట్లాడాడు అన్నది రెజ్యుమేలో దొరకదు. మూడోది ఆఫీసులో ఒకే ఒక్క ఇంటర్వ్యూ. ప్రతి మెట్టు పక్కన తేదీ ఉండాలి. ఎంపిక కానివారికి కూడా ఫలానా తేదీలోగా కబురు చేస్తామని రాసి, ఆ మాట నిలబెట్టుకోవాలి. పరీక్ష పేరుతో రెండు రోజుల అసలు పని చేయించుకోదలిస్తే దానికి డబ్బివ్వాల్సిందే.

ఏడో స్లైడ్‌లో చివరి తేదీ, ఫారం చిరునామా, ‘ఏ దశలోనూ డబ్బు అడగం’ అన్న మాట ఉండాలి. ఉద్యోగాల పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు గుంజే మోసాలు ఎన్నో ఉన్నాయి కనుక ఆ మాట చాలా అవసరం. ఫారంలో ఆధార్, పాన్ అడగకూడదు, వాటి అవసరం చేరేటప్పుడే. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి దాన్ని ప్రొఫైల్‌లో పెట్టాలి. క్యూఆర్ కోడ్ వేస్తే అందంగానే ఉంటుంది గానీ, చూస్తున్న ఫోన్‌తోనే దాన్ని స్కాన్ చేయడం అందరికీ తెలియదు. చదవడానికి తేలికైన చిన్న చిరునామా అక్షరాల్లో కూడా ఇవ్వాలి.

తెలుగులో చేసేవారికి ఇంకో చిక్కుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. లైన్ల మధ్య ఎడం తక్కువైతే పై లైను ఒత్తు కింది లైను గుడిలో ఇరుక్కుంటుంది. 1080 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ ఫోన్ తెర మీద దాదాపు మూడో వంతుకు కుదించుకుపోతుంది. ల్యాప్‌టాప్‌లో బాగా కనిపించిన అక్షరం అక్కడ చీమ తలకాయంత అవుతుంది. పోస్టు చేసేముందు ఫోన్‌లో చూసి, ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒకసారి చదివించాలి.

మన దగ్గర ఉద్యోగ ప్రకటన ఎక్కువగా తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లో. ఎవరో ఒక స్లైడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. మిగతా ఆరూ దానితో వెళ్లవు. అందుకే ప్రతి స్లైడ్ కింద సంస్థ పేరు, ఫారం చిరునామా, సంవత్సరంతో సహా చివరి తేదీ చిన్నగా వేయాలి. సంవత్సరం లేని తేదీ మరుసటి ఏడాది కూడా తాజాగానే కనిపిస్తుంది. లింక్డిన్‌లో ఒకసారి ఎక్కించిన పీడీఎఫ్‌ను మార్చలేం, క్యాప్షన్‌ను మాత్రం సరిదిద్దుకోవచ్చు. ఉద్యోగం భర్తీ కాగానే క్యాప్షన్ మొదటి లైన్‌లో ఆ మాట రాసి, ఫారం మూసేయండి.