పైసాతో సహా సరిపోయిన తప్పు

గుంటూరులో ఒక పచ్చళ్ల దుకాణానికి నేను లెక్కలు రాస్తాను. కొట్టు చిన్నదే అయినా వెబ్‌సైటు ఉంది. ఆవకాయ, గోంగూర హైదరాబాదుకీ బెంగళూరుకీ పార్సిళ్లలో వెళ్తుంటాయి. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఇక్కడ అమ్మ ఇంటికి పంపమని అక్కడి కార్డుతో ఆర్డరు పెట్టడమూ మామూలే. ఒక మంగళవారం పొద్దున నేను వెళ్లేసరికి యజమానురాలు తన ఫోను నా ముందు పెట్టింది. రూ. 17,359.88 జమ అయినట్టు బ్యాంకు మెసేజి.

"శుక్రవారం పద్నాలుగు ఆర్డర్లు. పద్దెనిమిది వేల ఆరొందల యాభై రావాలి. దగ్గర దగ్గర పదమూడొందలు ఎవరు తిన్నారు తమ్ముడూ?"

"ఎవరూ తినలేదక్కా, చూద్దాం ఉండు" అన్నాను. ఆ మాటలో సగమే నిజమని తర్వాత తేలింది.

వెబ్‌సైటులో డబ్బు కట్టినవాళ్లు అది నేరుగా దుకాణం ఖాతాలోకి వెళ్తుందనుకుంటారు. నిజానికి మధ్యలో పేమెంట్ గేట్‌వే ఉంటుంది. కట్టిన డబ్బు ముందుగా, ఆ కంపెనీ ఏదో ఒక బ్యాంకులో తెరిచిన ఎస్క్రో ఖాతాలో పడుతుంది. ఇలాంటి కంపెనీలు వ్యాపారుల డబ్బును తమ సొంత డబ్బుతో కలపకుండా ఆ ఖాతాలోనే ఉంచాలని రిజర్వ్ బ్యాంక్ 2020 మార్చిలో నిబంధన పెట్టింది. అక్కడి నుంచి దుకాణానికి రావడానికి ఒప్పందాన్ని బట్టి ఒకటి రెండు పనిదినాలు పడుతుంది. మా అక్క ఒప్పందంలో రెండు. అందుకే శుక్రవారం అమ్మకం డబ్బు, మధ్యలో శని ఆదివారాలు పోగా, మంగళవారం చేతికొచ్చింది. వచ్చేటప్పుడు పద్నాలుగు ముక్కలుగా రాదు. గేట్‌వే తన ఫీజు కోసుకుని, వాపసులు మినహాయించి, మిగిలినదంతా ఒకే మొత్తంగా పంపుతుంది. దాన్నే సెటిల్‌మెంట్ అంటారు. బ్యాంకు స్టేట్‌మెంటులో దానికి ఒక్కటే వరుస. ఎవరు కట్టారో, దేనికి కట్టారో అందులో ఉండదు. ఆ వరుసను మళ్లీ పద్నాలుగు ముక్కలు చేసి, ఏ ముక్క ఏ ఆర్డరుదో రోజూ తేల్చడమే మేం 'రీకో' అనే పని.

ముందు అక్క అడిగిన పదమూడొందల సంగతి. ఆమె ఒప్పందం ప్రకారం గేట్‌వే ఫీజు ప్రతి చెల్లింపు మీదా 2 శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. యూపీఐకి చార్జీ లేదుగా అని ఆమె అడగనే అడిగింది. యూపీఐ మీదా రూపే డెబిట్ కార్డు మీదా బ్యాంకులు తీసుకునే ఎండీఆర్ అనే చార్జీని 2020 జనవరి నుంచి ప్రభుత్వం సున్నా చేసిన మాట నిజమే. వెబ్‌సైటుకు ఈ సదుపాయమంతా అమర్చిపెట్టినందుకు గేట్‌వే తీసుకునే ఫీజు వేరు, అది ఒప్పందంలో రాసుకున్నట్టే ఉంటుంది. 18,650కి 2 శాతం అంటే 373 రూపాయలు. దాని మీద జీఎస్టీ 67.14. రెండూ కలిపి 440.14. పైగా అంతకుముందు వారం ఒకరు ఆర్డరు రద్దు చేసుకుంటే 850 రూపాయలు వాపసు ఇచ్చాం. ఆ వాపసును గేట్‌వే ఈ సెటిల్‌మెంటులోంచి తీసుకుంది. రెండూ పోగా రావలసింది 17,359.86. వచ్చింది 17,359.88.

రెండు పైసలు ఎక్కువ. ఇది తప్పు కాదు. గేట్‌వే ఫీజును మొత్తం మీద కాకుండా చెల్లింపు చెల్లింపుకూ విడిగా లెక్కగట్టి, ప్రతిసారీ పైసల దగ్గర సర్దుతుంది. 620 రూపాయల మీద ఫీజు 12.40, దాని జీఎస్టీ 2.232, అది 2.23 అవుతుంది. అలా పద్నాలుగుసార్లు సర్దితే వచ్చే తేడా కొన్ని పైసలు దాటదు. అందుకని సెటిల్‌మెంటుకు ఒక రూపాయి దాకా తేడా ఉంటే వదిలేయమని నా షీటులో రాసుకున్నాను. కొందరు ఆ హద్దును యాభై, వంద రూపాయలకు పెంచుకుంటారు, పొద్దున్నే ఎర్రగడులు చూడలేక. అప్పుడు చిన్న సీసా ఖరీదంత తేడా రోజూ పచ్చరంగులోనే దాటిపోతుంది. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకోవాలి: డల్లాస్ కొడుకు కట్టినట్టు విదేశీ కార్డు మీద ఫీజు ఎక్కువ ఉంటుంది. ఫీజు లెక్క కుదరని రోజు నేను ముందు వెతికేది అలాంటి చెల్లింపు కోసమే.

బ్యాంకులో పడిన 17,359.88నే ఆ రోజు అమ్మకమని రాసేసుకునే దుకాణాలు నాకు తెలుసు. అలా రాస్తే అమ్మకం అసలు కన్నా తక్కువ కనిపిస్తుంది, దాని మీద కట్టాల్సిన జీఎస్టీ తగ్గిపోతుంది. గేట్‌వే ఫీజు మీద మనం కట్టిన 67 రూపాయల జీఎస్టీని తిరిగి సర్దుకునే హక్కూ కాగితం మీద మాయమవుతుంది. అందుకే టాలీలో గేట్‌వే పేరుతో విడిగా ఒక ఖాతా తెరవాలి. అమ్మినప్పుడు 18,650 గేట్‌వే మనకు బాకీ. బ్యాంకులో పడ్డప్పుడు, పడ్డంత ఆ బాకీలోంచి తీరినట్టు, ఫీజు ఖర్చుగా, వాపసు వాపసుగా. రోజు చివర ఆ ఖాతాలో మిగిలే నిల్వ ఇంకా సెటిల్ కాని ఆర్డర్ల మొత్తంతో సమానంగా ఉండాలి. మార్చి 31న ఆడిటరు మొదట అడిగేదీ ఆ నిల్వ సంగతే.

ఇక జత కలపడం. బ్యాంకు వరుసకూ గేట్‌వే రిపోర్టుకూ మధ్య ఉన్న ఒకే ముడి యూటీఆర్ నంబరు. గేట్‌వే డబ్బు పంపినప్పుడు పుట్టే ఆ నంబరు బ్యాంకు స్టేట్‌మెంటు నెరేషన్‌లో ఇంకేవో అక్షరాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. నా షీటులో A వరుస యూటీఆర్, C వరుస రావలసిన మొత్తం. బ్యాంకు స్టేట్‌మెంటును `Bank` అనే రెండో షీటులో పెడతాను. అందులో B నెరేషన్, D జమ. సూత్రం ఇంతే:

```
=SUMIFS(Bank!D:D, Bank!B:B, "*"&A2&"*")
```

వచ్చినదాన్ని C2తో పోల్చాలి. సున్నా వస్తే డబ్బు ఇంకా రాలేదు. సరిగ్గా రెండింతలు వస్తే సంతోషించక్కర్లేదు, అదే స్టేట్‌మెంటును రెండుసార్లు అతికించామన్నమాట. యూటీఆర్ స్థానంలో ఐఎంపీఎస్ పన్నెండంకెల నంబరు ఉంటే మాత్రం జాగ్రత్త. ఫైలు తెరవగానే ఎక్సెల్ దాన్ని 4.12E+11 లాంటి రూపంలో చూపిస్తుంది. ఆ గడులను ముందే టెక్స్టుగా మార్చుకోకపోతే జత కుదరక, ఉన్న డబ్బు కూడా లేనట్టే కనిపించవచ్చు.

ఆ మంగళవారం ఇదంతా కుదిరింది. యూటీఆర్ దొరికింది, తేడా రెండు పైసలు. దుకాణం పుస్తకంలో పద్నాలుగు ఆర్డర్లు, గేట్‌వే రిపోర్టులో పద్నాలుగు చెల్లింపులు, రెండు పక్కలా 18,650. టీ తాగి లేచిపోవచ్చు. మొత్తాలు మాత్రమే చూసే అలవాటుంటే లేచిపోయేవాణ్ణే.

మొత్తాలు కుదిరాక ఆర్డరు నంబర్లను ఒక్కొక్కటిగా కలుపుతాను. పదమూడు కలిశాయి. మా పుస్తకంలో ఒక ఆర్డరుకు గేట్‌వేలో జోడీ లేదు. గేట్‌వేలో ఒక చెల్లింపుకు మా పుస్తకంలో జోడీ లేదు. రెండూ కిలో గోంగూరే, రెండూ 620 రూపాయలే.

గేట్‌వేలో ఒంటరిగా మిగిలిన చెల్లింపు బెంగళూరులో ఉన్న ఒకావిడది. డబ్బు కట్టాక పేజీ గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. ఖాతాలో డబ్బు తెగింది గానీ, కట్టినట్టు గేట్‌వే పంపిన కబురు మా వెబ్‌సైటుకు చేరలేదు. ఆర్డరు 'పెండింగ్'లోనే ఆగిపోయింది. ఆవిడ కొత్తగా ఇంకో ఆర్డరు పెట్టి మళ్లీ కట్టింది. రెండోదానికి పార్సిల్ వెళ్లింది. మొదటి 620 మా దగ్గర ఊరికే కూర్చుంది.

పుస్తకంలో ఒంటరిగా మిగిలిన ఆర్డరు విజయవాడది. ఆయన డబ్బు కట్టానని వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే, పార్సిళ్లు కట్టే కుర్రాడు దాన్ని చూసి ఆర్డరును చేత్తో 'చెల్లించారు' అని మార్చేశాడు. స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి చూస్తే అందులో 'ప్రాసెసింగ్' అని ఉంది. ఆ చెల్లింపు ఆ సాయంత్రమే ఫెయిలై, డబ్బు ఆయన ఖాతాకు తిరిగి వెళ్లిపోయింది. గోంగూర మాత్రం విజయవాడ చేరింది.

ఒక పక్క మేం తిరిగి ఇవ్వాల్సిన 620, ఇంకో పక్క మాకు రావాల్సిన 620. రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని లెక్కను పైసాతో సహా సరిపెట్టాయి. పచ్చళ్ల దుకాణంలో ఇది అరుదేం కాదు. పది రకాల సీసాలు, అవే ధరలు. మొత్తాన్ని బట్టి జత కలిపితే ఒకరి డబ్బు ఇంకొకరి ఆర్డరుకు అంటుకుంటుంది. నంబరును బట్టే కలపాలి.

డబ్బు తక్కువొచ్చిన రోజు యజమాని తానే అడుగుతారు. ఎక్కువొచ్చిన రోజు ఎవరూ అడగరు. అందుకే నాకు రెండో రకమంటేనే భయం. బెంగళూరు ఆవిడ మాకు ఫోను చేయకుండా నేరుగా తన కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే అది చార్జ్‌బ్యాక్ అవుతుంది. గేట్‌వే ఆ మొత్తాన్ని ఆపి, సరుకు పంపినట్టు రుజువు చూపమంటుంది. గడువు కొద్ది రోజులే. పైగా అది ఏ పాత నెల ఆర్డరు మీదో వచ్చి ఇవాళ్టి సెటిల్‌మెంటులో కోతగా కనిపిస్తుంది, ఇవాళ్టి ఆర్డర్లలో దానికి జోడీ దొరకదు. నెలకోసారి లెక్క చూసేవాళ్లకు అది కనబడేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

జోడీ దొరకనివాటిని ఎర్రగా రంగు వేసి వదిలేస్తే లాభం లేదు. ఒక షీటులో రాసి, ఎదురుగా ఎన్ని రోజులైందో పెడతాను. మూడు రోజుల లోపువి చాలావరకు దారిలో ఉన్న డబ్బే, సెలవులు దాటితే వాటంతటవే తీరతాయి. మూడు దాటితే గేట్‌వేకు సెటిల్‌మెంట్ నంబరుతో సహా ఫిర్యాదు పెడతాం. వారం దాటినవాటి పక్కన ఎవరు ఎవరికి ఫోను చేశారో రాయాలని అక్కకు షరతు పెట్టాను.

బెంగళూరు ఆవిడకు ఆ మధ్యాహ్నమే 620 వాపసు పెట్టాం. వాపసు ఇచ్చినా గేట్‌వే తన ఫీజు తిరిగి ఇవ్వదు, ఆ 14 రూపాయల 63 పైసలు దుకాణానికే నష్టం. కుర్రాడి లాగిన్‌లోంచి 'చెల్లించారు' అనే మీట తీసేయించాను. విజయవాడ ఆయనకు అక్క రెండుసార్లు ఫోను చేసింది. పచ్చడి బాగుందన్నాడట, డబ్బు సాయంత్రం పంపుతానన్నాడట. షీటులో ఆ వరుస ఎదురుగా ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు.