కోడిని ఎత్తుకుపోయింది ఎవరు?

రాత్రి వాన వెలిసింది. తెల్లవారేసరికి గూటిలో ఒక కోడి లేదు. నింద ముందుగా పొరుగింటి కుక్కపైనే పడుతుంది. నోరు తెరిచే ముందు గూటి చుట్టూ ఉన్న బురదను పరిశీలించండి. చినుకుల గుంటలు పడిన ముద్రలు వాన ఆగక మునుపటివి. అంచులు చెదరనివే కొత్తవి.

రెండుగా చీలి, ముందుకు మొనదేలిన గిట్టయితే జింక (మేక గిట్ట కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది). కోడితో దానికి పనిలేదు. నాలుగు వేళ్ళతో గుండ్రంగా ఉండి, గోళ్ళ గుర్తులు లేకుంటే పిల్లి. నడిచేటప్పుడు అది గోళ్ళను లోపలికి ముడుచుకుంటుంది. జారుడు నేలలో మాత్రం పట్టుకోసం బయటికి చాపవచ్చు.

చిక్కంతా కుక్క, నక్కల మధ్యనే. రెండింటికీ గోళ్ళు పడతాయి. కుక్క అడుగు వెడల్పుగా, వేళ్ళు విచ్చుకొని ఉంటుంది. నక్క అడుగు సన్నగా, కోలగా, సుమారు 5 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని ముందుకాలి నడిమి రెండు వేళ్ళ మెత్తలు వెనుకవైపు కలిసి ఉంటాయి. కుక్కకు విడివిడిగా ఉంటాయి. ఇదే గట్టి ఆనవాలు. అయితే పలుచని బురదలో ముద్ర సాగిపోయి ఈ తేడా చెరిగిపోతుంది. కాస్త గట్టిపడిన చోట వెదకాలి.

ఒక్క ముద్రతో తేల్చక పది అడుగులు వెంబడించండి. ఊరకుక్క ఆగుతూ, వాసన చూస్తూ వంకరలు తిరుగుతుంది. కలిసిన మెత్తల ముద్రలు దాదాపు ఒకే గీతపై తుప్పలవైపు సాగితే, వచ్చింది నక్కే.