‘ముందు’ ఏ భాషాభాగం?

‘ముందు’ అనే మాట ఏ భాషాభాగమని ఎవరైనా అడిగితే, బడిలో చదివింది గుర్తున్నవాళ్లు చాలామంది అవ్యయమనే చెబుతారు. వాక్యం ఏదో చూడకుండా ఆ జవాబు చెప్పడానికి వీల్లేదు. వాక్యం మారితే ఆ మాట చేసే పని మారుతుంది, పనితో పాటు భాషాభాగమూ మారుతుంది.

తేలికైన మాటతో మొదలుపెడదాం. ‘వాడికి మంచి చదువు అబ్బింది’, ‘ఒరేయ్, బాగా చదువు’. మొదటి ‘చదువు’ నామవాచకం, రెండోది క్రియ. ఆ తేడాను పక్కనున్న మాటలే పట్టిస్తున్నాయి. నామవాచకానికి ‘మంచి’ తోడొచ్చింది, క్రియకు ‘బాగా’ తోడొచ్చింది. రెండోదాన్ని వద్దనే అర్థంలోకి మారిస్తే ‘చదవకు’ అవుతుంది. మొదటిదాన్ని అలా మార్చలేం, దానికి ‘చదువుని’, ‘చదువులో’ అని విభక్తులే చేరతాయి.

‘ముందు’ దగ్గర ఇంత సులువుగా తేలదు. ఈ రెండు వాక్యాలు చూడండి:

ఇంటి ముందు ముగ్గు వేసింది.
ఇల్లు ముందు కొన్నాం, కారు తర్వాత కొన్నాం.

మొదటి వాక్యంలో ‘ఇల్లు’ అనే మాట ‘ఇంటి’గా మారింది. ఇలాంటి మార్పులో వచ్చి చేరే ‘టి’ వంటి వర్ణాన్ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. కాలు ‘కాలి’ కావడం, నోరు ‘నోటి’ కావడం ఇలాంటివే. పేరు అలా మారిందంటే తర్వాతి మాటతో ముడిపడిందన్నమాట. కాబట్టి ఇక్కడ ‘ముందు’ ఇంటికి అతుక్కుని, విభక్తిలాగా చోటును చెబుతోంది. రెండో వాక్యంలో ‘ఇల్లు’ మారలేదు. అక్కడ ‘ముందు’కు ఇంటితో ముడి లేదు, ఎప్పుడు కొన్నామో చెబుతూ ‘కొన్నాం’ అనే క్రియకు విశేషణంగా నిలిచింది.

అయితే అన్ని పేర్లూ ఇలా మారవు. ‘అమ్మ ముందు కూర్చుంది’ అన్నామనుకోండి. అందరికన్నా మొదట అమ్మ కూర్చుందా, లేక అమ్మకు ఎదురుగా ఇంకెవరో కూర్చున్నారా? ‘అమ్మ’ రెండు చోట్లా అమ్మే కనుక రూపం చూసి చెప్పలేం. అప్పుడు ఆ పేరు తీసేసి ‘నేను’ పెట్టి చూడాలి. ‘నేను ముందు కూర్చున్నాను’ అనవలసి వస్తే క్రియావిశేషణం. ‘నా ముందు కూర్చుంది’ అనవలసి వస్తే విభక్తి పని చేస్తున్న మాట. అమ్మ దాచిపెట్టిన తేడాను ‘నేను’, ‘నా’ బయటపెడతాయి. మీరు చెప్పదలచిన అర్థానికి ఏది సరిపోతుందో అదే జవాబు.

మూడో రకం: ‘ముందు చక్రం పంక్చరైంది’. ఇక్కడ ‘ముందు’ బదులు ‘ముందరి’ అని పెట్టండి. అర్థం చెడకపోతే అది ఏ చక్రమో చెప్పే విశేషణం. అదే వాక్యాన్ని ‘ముందు చక్రం పంక్చరైంది, ఆ తర్వాత బ్రేకు పోయింది’ అని పొడిగిస్తే ‘ముందరి’ కన్నా ‘మొదట’ బాగా అతుకుతుంది. అప్పుడది మళ్లీ క్రియావిశేషణమే. ఒక్కోసారి ఒక వాక్యం కూడా చాలదు, తర్వాతి మాటలు కూడా వినాలి.

ఇక బస్సులో కండక్టరు ‘ముందుకు జరగండి’ అంటాడు. లింగ, వచన, విభక్తులు లేనిది అవ్యయమని కదా మనం నేర్చుకున్నది. మరి ‘ముందు’కు ‘కు’ ఎలా చేరింది? ఈ మాట మూలంలో చోటుకు పేరు. అందుకే ‘ఇంటి గోడ’ అన్నట్టే ‘ఇంటి ముందు’ అంటున్నాం, రెండింటి కట్టుబడీ ఒకటే. ఆ చోటు పేరే కాలానికీ వాడుకలోకి రావడంతో ‘ముందు తిను, తర్వాత మాట్లాడు’ అనగలుగుతున్నాం. అలాగని అది పూర్తి నామవాచకమూ కాదు. ‘పెద్ద గోడ’ అంటాం గానీ ‘పెద్ద ముందు’ అనం. అవ్యయమన్న ఒక్క పేరులో ఇదంతా ఇమడదు.

వెనక, కింద, పైన, లోపల అనే మాటలూ చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి. వాటికీ ఇవే పరీక్షలు పెట్టి చూడవచ్చు. ముందు మాట పేరు రూపం మారిందా, ‘నా’ పడుతుందా, వేరే మాట పెడితే అర్థం నిలుస్తుందా, విభక్తి చేరుతుందా అని అడగాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. భాషాభాగం అడిగేటప్పుడు విడి మాట ఇవ్వకండి, వాక్యం ఇవ్వండి. జవాబుతో పాటు ఎలా తేల్చారో కూడా పిల్లలచేత ఒక్క ముక్కలో రాయించండి. వ్యాకరణం వాళ్లకు పట్టుబడిందో లేదో ఆ ముక్కలోనే తెలుస్తుంది.