ఒంటరి ధ్రువం దొరికితే మాక్స్‌వెల్ సమీకరణాల్లో ఏం మారుతుంది?

దండాయస్కాంతాన్ని రెండు ముక్కలు చేసినా ఉత్తర, దక్షిణ ధ్రువాలు విడిపోవు. ప్రతి ముక్కకూ మళ్లీ రెండు ధ్రువాలుంటాయి. విద్యుత్తు సంగతి అలా కాదు, రుణావేశమున్న ఎలక్ట్రాన్ ఒంటరిగానే తిరుగుతుంది. ఈ తేడా మాక్స్‌వెల్ నాలుగు సమీకరణాల్లోనూ ఉంది.

విద్యుత్ క్షేత్ర రేఖలు ఆవేశం దగ్గర మొదలవుతాయని, లేదా ముగుస్తాయని మొదటి సమీకరణం చెబుతుంది. అయస్కాంత క్షేత్ర రేఖలకు మొదలూ తుదీ లేవని రెండోది చెబుతుంది. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందన్న ఫారడే నియమం మూడోది. కరెంటు, మారే విద్యుత్ క్షేత్రం కలిసి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయన్నది నాలుగోది.

ఒక్క ధ్రువమే ఉన్న కణాలు, అంటే ఏకధ్రువాలు, నిజంగా ఉంటే మొదటిదీ నాలుగోదీ అలాగే ఉంటాయి. మిగతా రెండూ ఇలా మారతాయి:

```
∇·B = μ₀ρₘ
∇×E = −∂B/∂t − μ₀Jₘ
```

రెండో సమీకరణంలో సున్నా ఉండే చోటికి అయస్కాంత ఆవేశ సాంద్రత ρₘ వచ్చింది. మూడోదానిలో ఆ ఆవేశాల ప్రవాహం Jₘ చేరింది. దాని ముందున్న రుణ గుర్తు తప్పనిసరి. అది లేకపోతే అయస్కాంత ఆవేశం నిత్యత్వ నియమాన్ని పాటించదు.

ఆవేశాలు లేని శూన్యంలో E స్థానంలో cB, cB స్థానంలో −E రాస్తే సమీకరణాలు ఇప్పటికీ మారవు. ఆ సౌష్ఠవాన్ని చెడగొడుతున్నది విద్యుదావేశం ఒక్కటే ఉండటం. ఏకధ్రువాలు ఉంటే, క్షేత్రాలతో పాటు రెండు రకాల ఆవేశాలనూ అదే పద్ధతిలో మార్చినప్పుడు సౌష్ఠవం పూర్తిగా నిలుస్తుంది.

మూడో సమీకరణంలోని కొత్త పదమే ఏకధ్రువాన్ని పట్టే ఉపాయం కూడా. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బ్లాస్ కాబ్రెరా నియోబియం తీగతో నాలుగు చుట్ల అతివాహక వలయం చేశారు. అతివాహకం లోపల విద్యుత్ క్షేత్రం ఉండదు. కాబట్టి ఏకధ్రువం వలయంలోంచి దూసుకుపోతే, దాని ప్రభావాన్ని సరిచేయడానికి వలయంలోని అయస్కాంత అభివాహం మారి తీరాలి, ఆ మార్పు అలాగే నిలిచిపోవాలి. మామూలు అయస్కాంతం దాటితే మార్పు వచ్చి పోతుంది, చివరికి ఏమీ మిగలదు.

ఏకధ్రువానికి ఉండగల కనీస ఆవేశాన్ని 1931లో పాల్ డిరాక్ లెక్కగట్టారు. దాని ప్రకారం ఒక్కో చుట్టుకు 2 చొప్పున మొత్తం 8 అభివాహ క్వాంటాల మార్పు రావాలి. 1982 ఫిబ్రవరి 14న కాబ్రెరా పరికరం సరిగ్గా అంతే మార్పును నమోదు చేసింది.

కానీ తర్వాత ఇంకా పెద్ద వలయాలతో వెతికినా అలాంటి సంకేతం మళ్లీ రాలేదు. ఒక్కసారి కనిపించి మళ్లీ కనిపించనిదాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోలేం. అందుకే పాఠ్యపుస్తకాల్లో రెండో సమీకరణానికి కుడివైపున ఇంకా సున్నాయే ఉంది.