నడుమ నుంచి రెండు వైపులా

పాలిండ్రోమ్ అనగానే తెలుగువాళ్లకు తెనాలి రామకృష్ణుడి బిరుదు ‘వికటకవి’ గుర్తొస్తుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా అదే మాట. ఇలాంటి ముక్కల్లో అన్నిటికంటే పొడవైనదాన్ని ఒక పెద్ద అక్షరాల వరుసలోంచి వెతికి తీయమంటే అది ప్రోగ్రామింగ్‌లో పేరున్న లెక్క. ఉద్యోగ ఇంటర్వ్యూల్లోనూ తరచూ అడుగుతారు. షరతు ఒక్కటే: ముక్కలోని అక్షరాలన్నీ అసలు వరుసలో పక్కపక్కనే ఉండాలి, మధ్యలో దేన్నీ వదిలేయకూడదు.

ఈ లెక్క చేసే ప్రోగ్రాముకు నేరుగా ‘వికటకవి’ని ఇస్తే ‘కటక’ అని జవాబు వస్తుంది. తప్పు ప్రోగ్రాముది కాదు. యూనికోడ్‌లో ‘వి’ అంటే రెండు సంకేతాలు, ‘వ’ ఒకటి, గుడి ఒకటి. మనకు ఐదక్షరాలుగా కనిపించే మాట పైథాన్‌కు ఏడు సంకేతాలు. నడుమ ఉన్న ‘ట’ నుంచి ఒక్కో అడుగు బయటికి వేస్తే అటూ ఇటూ ‘క’లు కలుస్తాయి. తరువాతి అడుగులో ఎడమ పక్క గుడి, కుడి పక్క ‘వ’ ఎదురవుతాయి, పని అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి తెలుగు పాఠాన్ని ముందుగా అక్షరాలుగా విడగొట్టాలి. పైథాన్‌లో `regex` మాడ్యూలులోని `\X` ఆ పని చేస్తుంది.

అది సరిగ్గా చేస్తోందో లేదో చూడటానికి ‘అమ్మమ్మ’ మంచి పరీక్ష. ఒత్తక్షరాన్ని విడదీయకూడదన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందరి నియమాలతో పనిచేసే మాడ్యూలు ‘మ్మ’ను ‘మ్’, ‘మ’ అని రెండు ముక్కలు చేస్తుంది. సరైన జవాబు ‘మ్మమ్మ’. దానికి బదులు చివర పొల్లు వేలాడుతూ ‘మ్మమ్’ అని వచ్చిందంటే తేడా విడగొట్టడంలోనే ఉందన్నమాట.

ఇక వెతకడం సంగతి. చాలామందికి మొదట తట్టే ఉపాయం వరుసను తిరగేసి, అసలుదానికీ తిరగేసినదానికీ ఉమ్మడిగా ఉన్న పొడవైన ముక్కను తీసుకోవడం. వినడానికి బాగానే ఉంటుంది గానీ నిలబడదు. 129821ని తిరగేస్తే 128921. రెండింటిలోనూ ‘12’ ఉంది, కానీ అది పాలిండ్రోమ్ కాదు. అసలు వరుసలో ఒకచోట 12, మరోచోట 21 ఉండటం వల్ల వచ్చిన భ్రమ అది.

ప్రతి ముక్కనూ విడివిడిగా తీసి పరీక్షించడం ఇంకో దారి. వెయ్యి అక్షరాల వరుసలో ఐదు లక్షలకు పైగా ముక్కలుంటాయి. అక్షరాలన్నీ ఒకటే అయితే, అన్ని ముక్కలనూ సరిచూడటానికి ఎనిమిది కోట్లకు పైగా పోలికలు అవసరమవుతాయి.

కేంద్రం నుంచి విస్తరించే పద్ధతి దీన్నే తలకిందులు చేస్తుంది. ప్రతి పాలిండ్రోమ్‌కూ ఒక నడుమ ఉంటుంది. ఆ నడుమన నిలబడి రెండు వైపులా ఒక్కో అక్షరం చొప్పున చూసుకుంటూ పోవాలి. రెండూ ఒకటే అయినంతసేపు ముక్క పెరుగుతుంది, తేడా రాగానే ఆగుతుంది. లోపలి ముక్క సరిపోయిందని అప్పటికే తెలుసు కాబట్టి దాన్ని మళ్లీ చూడక్కర్లేదు. పని తగ్గేది ఇక్కడే.

‘ఆవికటకవినటన’ అనే వరుస తీసుకుందాం. ఇందులో ఆ, వి, క, ట, క, వి, న, ట, న అని తొమ్మిది అక్షరాలున్నాయి. మొదటి ‘క’ను నడుమగా పెట్టుకుంటే ఎడమ ‘వి’, కుడి ‘ట’ కనిపిస్తాయి, మొదటి అడుగులోనే ఆగిపోయింది. తరువాతి ‘ట’ దగ్గర ‘క’లు కలిశాయి, ‘వి’లు కలిశాయి, ఆపైన ‘ఆ’కూ ‘న’కూ పొత్తు కుదరలేదు. ఐదక్షరాల ‘వికటకవి’ దొరికింది. చివరి ‘ట’ దగ్గర ‘నటన’ వచ్చింది, అది మూడే. జవాబు ఐదు.

అయితే నడుమ ఎప్పుడూ అక్షరం మీదే ఉండదు. ‘కాకా’ అనే పిలుపులో అది రెండు ‘కా’ల మధ్య సందులో ఉంది. తొమ్మిది అక్షరాలకు ఎనిమిది సందులు, కాబట్టి చూడవలసిన కేంద్రాలు పదిహేడు. సందులను మరిచిపోయిన ప్రోగ్రాము ‘వికటకవి’ని చక్కగా పట్టుకుంటుంది, ‘కాకా’ దగ్గర మాత్రం ఒక్క ‘కా’ ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే పరీక్షించేటప్పుడు సరిసంఖ్య పొడవున్న మాట ఒకటి తప్పక ఉండాలి.

```python
def longest(s):
    best = s[:1]
    for c in range(2 * len(s) - 1):
        l = c // 2
        r = l + c % 2
        while l >= 0 and r < len(s) and s[l] == s[r]:
            l -= 1
            r += 1
        if r - l - 1 > len(best):
            best = s[l+1:r]
    return best
```

ఇందులో `c` సరిసంఖ్య అయితే కేంద్రం అక్షరం మీద, బేసి అయితే సందులో పడుతుంది. లూపు ఆగేసరికి `l`, `r` రెండూ ముక్కను దాటి ఒక్కో అడుగు బయట ఉంటాయి. చివరి వరుసకు ముందు వరుసలో `l+1` రాయడం అందుకే. అక్కడ `l` అని రాస్తే ముక్క తప్పుగా వస్తుంది.

మామూలు వాక్యాల్లో చాలా కేంద్రాలు మొదటి అడుగులోనో రెండో అడుగులోనో ఆగిపోతాయి, కనుక ఈ పద్ధతి వేగంగానే నడుస్తుంది. చిక్కు ఎక్కువగా ఒకే అక్షరం పొడుగునా వచ్చినప్పుడు. అలాంటి వెయ్యి అక్షరాలకు సుమారు ఐదు లక్షల పోలికలు పడతాయి, ఫర్వాలేదు. లక్ష అక్షరాలైతే మాత్రం అవి 500 కోట్లవుతాయి.

ఈ భారాన్ని దించే పద్ధతిని గ్లెన్ మనాకర్ 1975లో ప్రచురించారు. ఆయన వెతికింది వరుస మొదట్లోనే ఉండే అతి చిన్న పాలిండ్రోమ్ కోసం. అదే పద్ధతి ప్రతి కేంద్రం దగ్గరి పొడవైన పాలిండ్రోమ్‌నూ ఇస్తుందని అపోస్టోలికో, బ్రెస్లావర్, గలీల్ 1995లో చూపించారు.

‘నటనవినటనవి’ని ఎడమ నుంచి కుడికి చూస్తూ వద్దాం. నాలుగో స్థానంలోని ‘వి’ చుట్టూ ‘నటనవినటన’ దొరికింది, దాని కుడి అంచు ఏడో స్థానం. ఈ ముక్కలో కుడి సగం ఎడమ సగానికి ప్రతిబింబం. ఐదో స్థానంలోని ‘న’కు జోడీ మూడో స్థానంలోని ‘న’. అది పెరగలేదని ముందే తెలుసు కాబట్టి ఇదీ పెరగదు, పోలికే అక్కర్లేదు. ఆరో స్థానంలోని ‘ట’కు జోడీ రెండోది, దాని చుట్టూ ‘నటన’ ఉంది. అందుచేత ఆరో దాని చుట్టూ కూడా ‘నటన’ ఉన్నట్టే. కానీ అది ఏడో స్థానాన్ని, అంటే అంచును తాకుతోంది. అంచు అవతలేముందో ప్రతిబింబం చెప్పలేదు. అందువల్ల ఎనిమిదో అక్షరాన్ని నాలుగోదానితో పోల్చాలి. రెండూ ‘వి’లే. ముక్క ‘వినటనవి’గా పెరిగింది, అంచు ఎనిమిదికి జరిగింది.

కలిసిన ప్రతి పోలికా అంచును ముందుకు జరుపుతుంది, అంచు ఎన్నడూ వెనక్కి రాదు. కలవని పోలిక ఒక్కో కేంద్రానికి ఒకటికి మించదు. సందులు విడిగా చూడకుండా అక్షరాల మధ్య `#` చేర్చి `#న#ట#న#` అని రాస్తారు. లక్ష అక్షరాలు 2,00,001 స్థానాలవుతాయి, పోలికలు ఎంత చెడ్డ వరుసకైనా నాలుగు లక్షల దరిదాపుల్లోనే ఉంటాయి. అసలు పాఠంలో `#` ఉన్నా గొడవ లేదు, ఎందుకంటే చేర్చిన గుర్తులు ఎప్పుడూ చేర్చిన గుర్తులతోనే పోలికకు వస్తాయి. దీనికయ్యే ఖర్చు జ్ఞాపకంలో చోటు: ప్రతి స్థానానికీ ఒక సంఖ్యను దాచుకోవాలి. పాత పద్ధతికి `l`, `r`, ఇప్పటివరకు దొరికిన ముక్క ఉంటే చాలు. మామూలు పాఠాలకు ఆ పదకొండు వరుసల కోడే సరిపోతుంది.